నాన్న "ఠీక్ హై" అనని రోజు

బెంగాల్లోని మా రైల్వే ట్రాఫిక్ కాలనీలో ఎవరికైనా మెడికల్ పరీక్ష పడిందంటే, ముందు రోజు సాయంత్రం అతను మా వరండాకి వచ్చేవాడు. వర్క్‌షాపులో క్రేను నడిపేవాళ్ళకీ, రైలుబండ్ల మీద వెళ్ళేవాళ్ళకీ కొన్నేళ్ళకోసారి ఆ పరీక్ష తప్పదు. కళ్ళు, చెవులు, గుండె, రక్తపోటు అన్నీ చూసి డాక్టరు "ఫిట్" అని రాస్తేనే ఆ పని ఉంటుంది. లేకపోతే కింద పనిలో వేస్తారు. జీతం పెద్దగా తగ్గకపోయినా మనిషి తగ్గిపోతాడని మా వాళ్ళ నమ్మకం.

నాన్న ఓవర్‌హెడ్ క్రేను డ్రైవరు. షెడ్డు కప్పు కింద పట్టాల మీద నడిచే క్రేనులో, నిచ్చెన ఎక్కి చేరుకునే చిన్న గదిలో ఆయన పని. పరీక్ష ఎన్నోసార్లు గట్టెక్కాడు కనక అందరికీ ఆయనే గురువు. నులక మంచం మీద డాక్టరులా కూర్చుని గొంతు మార్చి అడిగేవాడు.

"తల నొప్పీ గట్రా వస్తాదా?"

"అప్పుడప్పుడూ..." అని వచ్చినవాడు నసిగేవాడు.

"అదిగో, అయిపోనావు! అప్పుడప్పుడూ అన్నావంటే ఆయన రాసేస్తాడు. రాసిందంటే అది ఫోర్‌మాన్ బల్ల మీదకెల్తాది. మల్లీ సెప్పు. తల నొప్పి వస్తాదా?"

"నేదు సాబ్. ఠీక్ హై."

"కల్లు తిరుగుతాయా?"

"ఠీక్ హై సాబ్."

"నిద్దర పడతాదా?"

"ఠీక్ హై సాబ్!"

"మరి పెల్లాం కొడతాదా?" అని మధ్యలో దూరేవాడు పక్క క్వార్టరు మావయ్య. ఆయన నాన్నకి వరసకి బావ. క్రేను కింద నిలబడి గొలుసులు కట్టి, చెయ్యెత్తి సైగ చేసే పని ఆయనది. పైన నాన్న, కింద మావయ్య. పదిహేనేళ్ళుగా వాళ్ళిద్దరిదీ ఒకటే కొక్కెం.

"ఠీక్ హై సాబ్!" అని పరీక్ష పడ్డవాడు అలవాటులో దానికీ అనేవాడు. వరండా అంతా నవ్వులు. నేను గదిలో కిటికీ పక్కన పుస్తకం ముందు పెట్టుకుని, పేజీ తిప్పకుండా వినేదాన్ని. బయటికి వచ్చి నవ్వే ధైర్యం నాకు లేదు. కొత్తవాళ్ళ ముందు నా గొంతు పైకి రాదు. ఆసుపత్రికి వెళ్ళినా అంతే. జ్వరంతో ఒళ్ళు కాలుతున్నా డాక్టరు అడిగితే తల అడ్డంగా ఊపి వచ్చేసేదాన్ని. ఇంట్లో నేర్చిన విద్యే కదా.

ఆ విద్య నాన్న మీదికే తిరిగింది.

నేను మెట్రిక్ అయి, కాలేజీకి పంపుతారో లేదో తేలక ఇంట్లో కూర్చున్న ఏడాది అది. మెడికల్లో నాన్నకి రక్తపోటు ఉందని తేలింది. ఆయనకి ఏ బాధా లేదు. బాధ లేనివాడికి జబ్బు ఉందంటే ఎవరు నమ్ముతారు? "యంత్రం తప్పు సూపించినాది" అన్నాడు మావయ్య. డాక్టరు మర్నాడు మళ్ళీ రమ్మన్నారు, వారం పోయాక మళ్ళీ రమ్మన్నారు. మూడుసార్లూ యంత్రం ఒకే మాట చెప్పింది. వైద్యం చేయించుకుంటూ ఉంటే క్రేను నడపవచ్చని రాసి, రెండు రకాల మాత్రలు ఇచ్చారు. ఒకటి చిన్న తెల్ల మాత్ర. రెండోది ఒంట్లో నీరూ ఉప్పూ బయటికి పంపేది.

"ఎన్నాల్లు మింగాలి సాబ్?" అని నాన్న అడిగాడట.

"మింగుతూ ఉండండి. మళ్ళీ చూద్దాం" అన్నారట డాక్టరు.

ఆ "మింగుతూ ఉండండి" అన్నది మా ఇంట్లో చాలా రోజులు తిరిగింది. "అంటే సచ్చీదాకానా?" అని నాన్న అన్నం ముందు కూర్చుని అమ్మని అడిగేవాడు, ఆ మాత్రలు అమ్మే రాసిచ్చినట్టు. ఆయన ఎన్నడూ మంచాన పడ్డ మనిషి కాదు. పొద్దున్నే వర్క్‌షాపు బోంగా, అదే సైరను, కూసేసరికి సైకిలు మీద ఉండేవాడు. అలాంటి ఆయన కంచం పక్కన మందు పొట్లం కనిపిస్తే ఇంటికి వచ్చినవాళ్ళ చూపు ముందు దాని మీదే పడేది. "ఏటయినాది బావా?" అనేవారు. జబ్బు కన్నా ఆ ప్రశ్న ఆయన్ని ఎక్కువ బాధపెట్టిందనుకుంటాను.

తరవాత అసలు బాధలు మొదలయ్యాయి. నీటి మాత్ర పొద్దున వేసుకుంటే క్రేను ఎక్కిన కాసేపటికే దిగాల్సి వచ్చేది. నిచ్చెన దిగి, షెడ్డు అవతలికి వెళ్ళి, మళ్ళీ ఎక్కాలి. కింద గొలుసు కట్టి మనుషులు నిలబడి ఉంటారు. "సార్లవారికి మల్లీ పనిబడినాది!" అని కింద నుంచి కేకలు. తెల్ల మాత్ర సంగతి వేరు. ముక్కు దిబ్బడ వేసి నోటితో గాలి పీల్చేవాడు. అదొక్కటే అయితే సరే. మెల్లమెల్లగా ఆయన మాట తగ్గిపోయింది. వరండాలో మంచం వేసుకుని వీధి వైపు చూస్తూ కూర్చునేవాడు. మావయ్య వేళాకోళం చేసినా పెదవి కదిలేది కాదు. పీడకలలు వచ్చి ఉలిక్కిపడి లేచేవాడు. ఆ దిగులుకి కారణం ఒక మాత్ర కావచ్చని మాకు ఎవరికీ తోచలేదు. పెద్ద జబ్బు ఉందన్న బెంగ అనుకున్నాం.

నెలకోసారి ఆసుపత్రికి వెళ్ళేవాడు. డాక్టరు ఎలా ఉందని అడిగేవారు.

"ఠీక్ హై సాబ్."

ముక్కూ ఠీక్ హై, నిద్రా ఠీక్ హై, మనసూ ఠీక్ హై. ఎందుకు చెప్పలేదని అమ్మ అడిగితే, "నీకు తెల్దే. వైద్దెం సేసేదీ ఆయనే, ఫిట్టు రాసేదీ ఆయనే. రెండు సెవులున్నాయేటి ఆయనకి, ఒక సెవితో విని ఇంకో సెవితో వదిలీడానికి?" అన్నాడు.

ఒకనాడు వేసుకుని ఒకనాడు మానేసి, చివరికి డ్యూటీ రోజుల్లో పూర్తిగా మానేశాడు. ఆసుపత్రికి వెళ్ళే ముందు రెండు రోజులు మాత్రం బుద్ధిగా మింగేవాడు, పరీక్షకి ముందు చదివే పిల్లాడిలా. రక్తపోటు తగ్గలేదు. డాక్టరు దానికి తగ్గట్టు ఒక పసుపు మాత్ర అదనంగా రాశారు. ఆ కొత్తదాన్ని మాత్రం డ్యూటీ రోజుల్లోనూ మింగాడు. మొదలుపెట్టిన వారంలో ఒకరోజు నాన్న పెందలాడే ఇంటికి వచ్చేసి, ఎవరితోనూ మాట్లాడకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మర్నాటి నుంచి మాత్రలన్నీ మానేశాడు. పొట్లాలు అమ్మ చేతికి ఇచ్చి, "దాసీయి. పాపకి సెప్పకు" అన్నాడు. రెండు గదుల క్వార్టరులో నాకు తెలియకుండా ఏం జరుగుతుంది?

మాకు వింతగా తోచింది ఏమిటంటే, మానేశాక ఆయన బాగుపడ్డాడు. కొన్ని వారాలకి ముక్కు తెరుచుకుంది. మొహంలో రంగు వచ్చింది. ఒక ఆదివారం గోల్‌బజార్ నుంచి చేప తెచ్చి, తనే తోముతూ బెంగాలీ పాట ఏదో కూనిరాగం తీశాడు. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి కళ్ళు తుడుచుకుంది. "సూసినావా, ఆ మందులే జబ్బు" అంది నాతో. నేనూ అదే అనుకున్నాను. మా నాన్న మాకు తిరిగి వచ్చాడు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఆ సంతోషం వానలు పడేదాకా నిలిచింది.

మా వీధి చివర ఒక రైలు గార్డుగారు ఉండేవారు. ఆయనకీ రక్తపోటే. ఒక ఉదయం ఆయన షర్టు గుండీలు పెట్టుకోబోతే కుడి చెయ్యి లేవలేదు. నోరు పక్కకి పోయింది. సాయంత్రానికల్లా కాలనీ అంతా తీర్పు చెప్పేసింది: "ఆ ఇంగిలీసు మాత్తర్లు రక్తాన్ని ఇరిసేసినాయి." మా వరండాలో మావయ్య ఈ మాట అంటుంటే నాన్న తల ఊపాడు. తను ముందే తప్పించుకున్నాననే తలూపు అది.

మర్నాడు కుళాయి దగ్గర గార్డుగారి భార్య బిందె పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ముందు నేను, నా బిందె కుళాయి కింద. ఆమె ఎవరితో అన్నట్టూ కాకుండా అంది: "మాత్తర్లేటమ్మా, సంకురాత్రి దాటినకాడ నుంచి ఒక్కటీ మింగనేదు. బాగున్నాను గదా, ఎందుకూ అన్నాడు. నిజంగానే బాగున్నాడు. మొన్న కూడా బాగున్నాడు."

నా బిందె నిండి పొంగిపోతోంది. నేను చూడలేదు. "బాగున్నాడు" అన్న మాట నా చెవిలో ఉండిపోయింది. మా ఇంట్లోనూ చేప తోముతూ పాట పాడుతున్న ఒక మనిషి బాగున్నాడు.

ఆ సాయంత్రం నాన్న ఒక్కడే వరండాలో ఉన్నప్పుడు వెళ్ళి మంచం కోడు పక్కన నిలబడ్డాను. చెప్పదలిచినవి పుస్తకంలో చదువుకున్నట్టు మనసులో వరసగా పెట్టుకుని వచ్చాను. నోరు తెరిస్తే వరస పోయింది.

"నాన్నా, మందులు మానేసినావు."

ఆయన నా వైపు చూశాడు. "ఎవులు సెప్పినారు? మీ అమ్మా?"

"గార్డుగారూ మానేసినారంట. ఆరు నెలలయిందంట."

నాన్న వీధి వైపు తిరిగి, "బతికినంత కాలం మందు మింగీ బతుకు బతుకేటే?" అన్నాడు.

నాకు ఎనిమిదో తరగతిలో కళ్ళజోడు వచ్చింది. ఆడపిల్లకి జోడేమిటని చుట్టాలందరూ అంటే, "నా కూతురు సదువుతాది, మీకేటి?" అని నాన్నే తెచ్చి పెట్టాడు. అది గుర్తొచ్చింది. "నా కళ్ళజోడు ఎప్పుడు తీసెయ్యాలో నువ్వు ఎప్పుడైనా అడిగినావా? బతికినంత కాలం పెట్టుకోవాలి కదా" అన్నాను.

నా జీవితంలో నాన్నతో ఆడిన మొదటి వాదన అది. గెలిచాననే అనుకున్నాను.

"కల్లజోడు ఎట్టుకుంటే నీకు ముక్కు మూసుకుపోద్దేటి?" అన్నాడు నాన్న. "కల్లజోడు ఎట్టుకుంటే తల తిరిగి పడిపోతావేటి?"

"నీకు తల తిరిగిందా?"

అప్పుడు చెప్పాడు. పసుపు మాత్ర మొదలెట్టిన వారంలో, క్రేను గదిలో కొక్కేనికి చక్రాల జత వేలాడుతుండగా, కింద సరిగ్గా కనిపించక సీటులోంచి లేచి వంగి చూశాడట. లేచేసరికి కళ్ళ ముందు చీకటి. ఎంతసేపో తెలీదు, బహుశా రెండు గుటకలంత సేపు. చెయ్యి పిడి మీదే ఉంది. చీకటి పోయేసరికి చక్రాలు అలాగే వేలాడుతున్నాయి. వాటి పక్కన మావయ్య నిలబడి పైకి చూసి, ఏమయిందని చేత్తో అడుగుతున్నాడు.

"నానేదో భయపడి మానేసినానని అనుకుంటన్నారు మీరందరూ" అన్నాడు. "ఆడు సచ్చిపోతే నానేటి సెప్పను మీ అత్తకి?"

నేను ఇంతవరకూ ఆయన మొండితనం అనుకున్నది మొండితనం కాదు. మాత్ర మింగితే కింద ఉన్నవాళ్ళకి ప్రమాదం. మింగకపోతే గార్డుగారి దారి. అది కూడా పైన, ఆ గదిలోనే జరిగితే? ఇది రెండు చెడ్డ దారుల మధ్య నిలబడడం. మూడో దారి ఒకటి ఉంది. ఆ దారి మొదట్లో డాక్టరు కూర్చుని ఉన్నారు. ఆయనకి మాత్రం ఇందులో ఒక్క ముక్కా తెలియదు.

"ఈ మాట ఆయనకి సెప్పినావా నాన్నా?"

"సెప్తే దింపీడేటి?"

దింపేయవచ్చు. కాదని అబద్ధం చెప్పలేను.

రెండు రోజుల తరవాత ఆసుపత్రి తారీకు. ముందు సాయంత్రం మావయ్య అలవాటుగా వచ్చి పిట్టగోడ మీద కూర్చున్నాడు. అమ్మ టీ ఇచ్చింది. నాన్న పొట్లాలు అడిగి తీసుకుని పసుపు మాత్ర అరచేతిలో వేసుకున్నాడు, రేపటి కోసం. నేను కిటికీ దగ్గర నుంచి లేచాను. వరండాలోకి వెళ్ళి, పరీక్షలు నడిపే నులక మంచం మీద కూర్చున్నాను. ఎప్పుడూ నాన్న కూర్చునే చోటు.

"ఓలమ్మో, డాట్రమ్మ వచ్చినాది!" అన్నాడు మావయ్య.

నా చెవులు వేడెక్కాయి. అయినా లేవలేదు. "తల తిరుగుతాదా?" అని అడిగాను నాన్నని. గొంతు నాదిలా లేదు.

"ఠీక్ హై" అన్నాడు నాన్న వెంటనే, ఆలోచించకుండానే. మావయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఠీక్ హై కాదు. మళ్ళీ అడుగుతాను. తల తిరుగుతాదా?"

"ఠీక్... ఏటే ఇది?"

"మావయ్యా," అన్నాను నేను ఆయన వైపు తిరిగి, "పైన నాన్నకి కళ్ళు చీకట్లు కమ్మినాయని నీకు చెప్పినాడా?"

నవ్వు ఆగిపోయింది. మావయ్య నాన్న వైపు చూశాడు. నాన్న టీ గ్లాసు వైపు చూశాడు. వర్క్‌షాపు వైపు నుంచి షంటింగ్ ఇంజను కూత ఒకటి వినిపించి ఆగింది.

"ఆ రోజేనా?" అన్నాడు మావయ్య. "సక్రాల రోజు?"

"ఆ."

"నాను బీడీ కోసం ఆగినావనుకున్నాను." గ్లాసు పక్కన పెట్టాడు. ఆయన తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నాన్న అరచేతిలోని మాత్రని రెండు వేళ్ళతో తీసి మళ్ళీ పొట్లంలో వేశాడు. "బావా, రేపు నువ్వు ఠీక్ హై అన్నావంటే ఎల్లుండి నుంచి నీ కొక్కెం కింద నానుండను. ఇంకోడిని ఎతుక్కో." తరవాత నా వైపు తిరిగి, "అడుగే గుంటా, మల్లీ అడుగు. ఆడు సెప్పీదాకా అడుగు" అన్నాడు.

నేను అడుగుతూనే ఉన్నాను. ఏ మాత్ర, ఎప్పుడు వేసుకున్నావు, వేసుకున్నాక ఎంతసేపటికి, ఏమయింది. ముక్కు సంగతి వచ్చింది, నీటి మాత్ర సంగతి వచ్చింది. కొన్ని జవాబులకి నాన్న సిగ్గుపడ్డాడు. "దిగులు" అన్న మాట మావయ్య అందించాడు. "ముక్కు ఒక్కటేటి, నువ్వు అప్పుడు మనిషివే కాదు, ఆ మాటా సెప్పు" అన్నాడు. చివరి ప్రశ్న అన్నిటికన్నా కష్టం. "రోజూ వేసుకుంటన్నావా?" నాన్న చాలాసేపు మీసం తడుముకుని, "నేదు సాబ్. మానేసినాను" అన్నాడు. అలా అన్నాక ఆయన భుజాలు కొంచెం కిందికి దిగాయి. నేను చూశాను.

మర్నాడు ఆసుపత్రికి ఆయనతో నేనూ వెళ్ళాను. బల్ల మీద మా పక్కన కూర్చున్నవాళ్ళందరూ గుసగుసగా ఎవరి పాఠం వాళ్ళు వల్లె వేసుకుంటున్నట్టే నాకు తోచింది. డాక్టరు బెంగాలీ. హిందీలో బెంగాలీ కలిపి మాట్లాడేవారు. ఆయన కాగితం చూస్తూ, యంత్రం పట్టీ నాన్న చేతికి చుట్టి గాలి కొట్టి చూశారు. నుదురు ముడిపడింది. "ఇంకా ఎక్కువే ఉంది. మాత్రలు వేసుకుంటున్నారా? ఒంట్లో ఎలా ఉంది?" అన్నారు.

నాన్న నోరు తెరిచాడు.

"ఠీక్ హై సాబ్" అన్నాడు.

పాతికేళ్ళ అలవాటు ఒక సాయంత్రంలో పోతుందా? ఆయన మొహంలో ఆశ్చర్యం కూడా కనిపించింది, తన నోరు తనని మోసం చేసినట్టు. డాక్టరు కలం తీసుకుని కాగితం మీదికి వంగారు. ఇంకో మాత్ర రాయబోతున్నారు. ఆ కలం కదలక ముందే నేను అన్నాను, వచ్చిన నాలుగు బెంగాలీ ముక్కల్లో, నేలకేసి చూస్తూ:

"నా డాక్తార్‌బాబు. ఠీక్ నెయ్." కాదు డాక్టరుగారూ, బాగా లేదు అని.

డాక్టరు కలం ఆపారు. నన్ను చూశారు, నాన్నని చూశారు. "ఏం ఠీక్ లేదు?" అన్నారు, నాన్ననే.

అప్పుడు నాన్న చెప్పాడు. తడబడుతూ మొదలుపెట్టి, తరవాత ఆగకుండా. నీటి మాత్ర, నిచ్చెన, ముక్కు, దిగులు, పీడకలలు, పసుపు మాత్ర, చక్రాలు. చివర, "మానేసినాను సాబ్. మీకాడికి వచ్చీ ముందు రెండ్రోజులు ఏసుకుంటాను" అన్నాడు హిందీలో.

డాక్టరు కోప్పడతారనుకున్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "నేను ఇన్నాళ్ళూ ఎవరికి వైద్యం చేస్తున్నాను?" అన్నారు. "మీరు వేసుకోని మాత్ర పనిచెయ్యడం లేదని నేను ఇంకో మాత్ర ఇచ్చాను. అన్నీ మానేసి, రెండు రోజుల ముందు అన్నీ ఒకేసారి వేసుకుంటే ఒళ్ళు తూలదా? తెల్ల మాత్ర రెండు రోజుల్లో పనిచేసేది కాదు, దానికి వారాలు పడుతుంది."

తరవాత నన్ను బయట కూర్చోమన్నారు. "కొన్ని సంగతులు మగవాళ్ళు కూతురి ముందు చెప్పరు" అని నవ్వారు. ఆయన లోపల ఏం అడిగారో, నాన్న ఏం చెప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు. మళ్ళీ పిలిచేసరికి నాన్న మొహం తేటగా ఉంది.

ముక్కు దిబ్బడా, మనసులో దిగులూ ఆ తెల్ల మాత్ర వల్లే రావచ్చని, ఆ దిగులు చిన్న విషయం కాదని, ఆ మాత్ర నాన్నకి ఇక వద్దని చెప్పారు. పసుపుది కూడా ఆపి, బదులు ఇంకోటి తక్కువ మోతాదుతో మొదలుపెడతామన్నారు. దానికి పడకపోతే అదీ మార్చవచ్చట. నీటి మాత్ర పొద్దున కాకుండా డ్యూటీ నుంచి వచ్చాక సాయంత్రం టీతో వేసుకోమన్నారు. పడుకునే ముందు వేసుకుంటే రాత్రంతా లేవాల్సి వస్తుందని, మొదట్లో ఉన్నంత ఇబ్బంది కొన్ని వారాలకి ఉండదని చెప్పారు. ఆవకాయ, ఎండుచేప తగ్గించాలి. అరటిపండు తినాలి. మంచం మీద నుంచీ, సీటు మీద నుంచీ ఒక్కసారిగా లేవకూడదు.

"ఇది ఎన్నాల్లు సాబ్? బతికినంత కాలమా?" నాన్న ఆ ప్రశ్న మళ్ళీ అడిగాడు. ఈసారి జవాబు వచ్చేదాకా కదలనన్నట్టు కూర్చున్నాడు.

"బహుశా అంతే" అన్నారు డాక్టరు. దాచలేదు. "ఇది జ్వరం కాదు, తగ్గిపోయి వెళ్ళిపోడానికి. మందు దీన్ని అదుపులో పెడుతుంది, అంతే. కాని ఇవే మాత్రలు, ఇంతే మోతాదు అని మాత్రం కాదు. ఉప్పు తగ్గించి, బరువు తగ్గితే, రక్తపోటు నిలకడగా ఉంటే, మోతాదు తగ్గించి చూడవచ్చు. అది మనం కలిసి చూడాలి. మీరు ఒక్కరే ఇంట్లో చూడకూడదు. ఏది పడకపోయినా తారీకు దాకా ఆగకండి. మర్నాడే రండి."

"మరి క్రేను?"

గదిలో ఇంతవరకూ ఎవరూ తియ్యని మాట అది. డాక్టరు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. "కళ్ళు చీకట్లు కమ్మాయని విన్నాక మిమ్మల్ని ఇవాళ పైకి పంపలేను. కింద పని రాస్తాను. రక్తపోటు నిలకడగా ఉండి, తల తిరగడం లేకపోతే మళ్ళీ పరీక్ష చేస్తాను. అప్పుడు ఎక్కుతారనే నా నమ్మకం. మాట మాత్రం ఇవ్వలేను."

నాన్న భయపడ్డదే జరిగింది. నా మాట వల్లే జరిగింది. ఆసుపత్రి మెట్లు దిగుతుంటే ఆయన మొహం వైపు చూడలేకపోయాను. సైకిలు స్టాండు దగ్గర ఆయనే అన్నాడు: "బలే బెంగాలీ మాటాడినావే! ఎక్కడ నేర్సుకున్నావు? ఇన్నాల్లూ నోరు నేదనుకున్నాను నీకు."

దారిలో అరటిపళ్ళు కొన్నాడు. సైకిలు హేండిలుకి ఆ పళ్ళు వేలాడదీసి, తొక్కకుండా నడిపించుకుంటూ ఇంటిదాకా వచ్చాం.

దసరా పూజ సెలవుల దాకా నాన్న కింద పని చేశాడు, మావయ్య పక్కనే గొలుసులు కడుతూ. పైన వేరే డ్రైవరు. "ఎద్దుబండి తోలినట్టు తోలతన్నాడు" అని ప్రతి సాయంత్రం ఫిర్యాదు. దానికి తోడు సాయంత్రం టీతో మాత్ర. కొత్త మాత్రతో కాళ్ళు చల్లబడుతున్నాయనిపించి, తారీకుకి ముందే ఒకరోజు తనంతట తనే ఆసుపత్రికి వెళ్ళి చెప్పి వచ్చాడు. డాక్టరు మోతాదు కొంచెం సర్ది, అదే మాత్ర ఉంచారు. ఆ రోజు ఇంటికి వచ్చి ఏదో పందెం గెలిచినట్టు చెప్పాడు. ఉప్పు తగ్గించిన కూరని మాత్రం ఎన్నడూ క్షమించలేదు. "ఈ పులుసు కూడా ఫిట్టు పరీక్షకి పంపాల" అనేవాడు.

పూజ అయ్యాక పరీక్ష జరిగింది. దానికి ముందు సాయంత్రం వరండాలో ఎవరూ పాఠాలు చెప్పలేదు. మర్నాడు ఆయన నిచ్చెన ఎక్కాడు. మావయ్య కింద నుంచి, "సార్లవారు మెల్లగా లెగాల, మెల్లగా!" అని షెడ్డంతా వినపడేలా అరిచాడట.

నాన్న తన గురుత్వం మానలేదు. ఇప్పటికీ మెడికల్ పడ్డవాళ్ళు మా మంచం దగ్గరికి వస్తారు. కళ్ళ పరీక్షకి అక్షరాలు గట్టిగా చదవాలని, ముందు రోజు కల్లు తాగొద్దని చెబుతాడు. కొన్ని మెళకువలు నాకు నచ్చవు గాని, వాటి జోలికి నేను పోను. అయితే వచ్చినవాడు మాత్రలు మింగుతున్నాడని తెలిస్తే మాత్రం నాన్న మంచం మీద నుంచి లేచిపోతాడు. మెల్లగానే లేస్తాడు.

"నీకు నాను కాదు," అంటాడు. "ఓ పాపా, ఇలాగ రా. ఈడిని నువ్వడుగు."

నేను వెళ్ళి కూర్చుంటాను. నా చెవులు ఇంకా వేడెక్కుతాయి. వచ్చినవాడు అందరిలాగే మొదట ఠీక్ హై అంటాడు. నాకు తొందర లేదు. మళ్ళీ అడుగుతాను.